మస్టరు ఫొటోలతో కేసు నిలుస్తుందా?

ప్రశ్న: గుణుపూర్‌లో మాది గ్రిల్స్ వర్క్‌షాపు, ఎనిమిది మంది పనివాళ్ళు. మేస్త్రీ రోజూ మస్టరు షీటు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తాడు. శనివారం నేను లెక్క కట్టి నగదు ఇస్తాను. సొంత తమ్ముడిలా చూసుకున్న వెల్డరే మూడు నెలలుగా కూలి తగ్గించామని లేబర్ ఆఫీసుకి వెళ్ళాడు. షీట్లు పారేశాం. నీటుగా మళ్ళీ రాయించి పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: పెట్టకూడదు. కొత్త ఇంకుతో రాసిన షీటుకీ, మేస్త్రీ ఫోన్‌లో ఉన్న పాత ఫొటోకీ ఒక్క గడి తేడా వచ్చినా కూలి తగాదా పక్కకుపోయి, తప్పుడు సాక్ష్యం సృష్టించారన్న నేరం మీ మెడకు చుట్టుకుంటుంది. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ చదివించుకోండి.

అసలు మస్టరు మిమ్మల్ని కాపాడదు. వెల్డరు పనికి వచ్చాడని మాత్రమే అది చెబుతుంది. డబ్బు ఇచ్చారని రుజువు చేయాల్సింది మీరు. వేతనాల కోడ్ 59వ సెక్షన్ ఆ భారాన్ని యజమాని మీదే పెట్టింది. సంతకం లేకుండా చేతికిచ్చిన నగదుకి మీ మాట తప్ప రుజువేది? కాలం చెల్లిందని తప్పించుకోవడమూ కుదరదు, గడువు మూడేళ్ళు.

ఇక మీ లెక్క. ఉదాహరణకి రోజు కూలి 640, ఎనిమిది గంటల పని అనుకోండి. వారంలో అయిదు పూర్తి రోజులు, ఒక సగం పూట, మూడు గంటల ఓటీ. హాజరుకి 3,520 రూపాయలు. ఓటీకి గంటకి 80 కాదు, రెట్టింపు 160 చొప్పున 480. మొత్తం 4,000. చాలా వర్క్‌షాపుల్లో ఓటీని మామూలు రేటుకే కట్టి 3,760 ఇస్తారు. తగ్గిన 240 వారం వారం పేరుకుని అతను అడిగే మొత్తం అవుతుంది. తేడా అక్కడే ఉందేమో ముందు చూడండి.

ఫొటో నుంచి లెక్క తీసేటప్పుడు మోసం చేసేది కుడి చివరి ఓటీ గడి. మేస్త్రీ బొటనవేలు అడ్డొస్తుంది, లేదా ఫ్రేములోంచి తెగిపోతుంది. ఫొటో వాలుగా ఉంటే పై వరస వాడి సగం పూట గుర్తు కింది వాడికి పడుతుంది. అందుకని పేరు నుంచి గడి దాకా తెరమీద స్కేలు పెట్టి చదవండి. చదవలేని గడిని ఊహించి నింపకుండా ‘తెలియదు’ అని రాయండి.

తర్వాత మేస్త్రీ ఫోన్‌లోని అసలు ఫొటోల్ని తుడిచేయకుండా భద్రపరచండి. వాట్సాప్ కాపీలో ఫొటో తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయకపోతే ఆ ఫొటోల్ని అవతలివాళ్ళు తోసిపుచ్చమంటారు. అందులో ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య, అంటే హ్యాష్ విలువ రాయాలి, ఒక భాగం నిపుణుడు సంతకం చేయాలి.

మీ లెక్కలోనే తేలిన బాకీని ఇప్పుడే అతని బ్యాంకు ఖాతాకి వేసి, వారాలవారీ లెక్క కాగితం లేబర్ ఆఫీసులో దాఖలు చేయండి. వాదం మిగిలిన మొత్తానికే పరిమితమవుతుంది. కోడ్ ప్రకారం బాకీకి పదిరెట్ల దాకా పరిహారం వేసే అధికారం వాళ్ళకుంది, ఆ ఊపు తగ్గించేదీ ఇదే. వచ్చే శనివారం నుంచి ఒక్కొక్కరికీ వేతన స్లిప్పు ఇచ్చి సంతకం తీసుకోండి.