పేపర్‌లో ‘మే’ అని రాశారంటే రచయితకు తెలియదని కాదు

కొత్తగా పీజీకి వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: “జర్నల్ పేపర్ మొదటి లైన్ నుంచి డిక్షనరీ పెట్టుకుని చదువుతున్నాను. నాలుగో పేజీకి వచ్చేసరికి ఏం చదివానో గుర్తుండట్లేదు. పైగా రచయిత ఏదీ తేల్చి చెప్పడు.” మొదటిది చదివే వరసతో వచ్చిన ఇబ్బంది. రెండోది అసలు ఇబ్బందే కాదు. రచయిత తేల్చి చెప్పని చోటే మీకు కావలసిన సమాచారం ఉంటుంది.

ఒక పేపర్ ఊహించుకుందాం. విద్యార్థులు రాత్రిపూట ఫోన్ వాడటం గురించి, వాళ్ల నిద్ర గురించి. మొదట అబ్‌స్ట్రాక్ట్ చదవండి. ఈ పని ఎందుకు చేశారు, ఏం చేశారు, ఏం కనిపించింది, దాన్నిబట్టి ఏమనుకుంటున్నారు అనేవి సాధారణంగా ఇదే వరసలో ఉంటాయి. ఆఖరి వాక్యం దగ్గర ఆగండి. ఫోన్ వాడకం నిద్ర తగ్గడానికి ‘మే కాంట్రిబ్యూట్’ అని ఈ ఫలితాలు ‘సజెస్ట్’ చేస్తున్నాయి అని ఉందనుకోండి. అంటే ఒక కారణం అయి ఉండవచ్చని మాత్రమే. ఫోన్ వల్లే నిద్ర పాడవుతుందని వాళ్లు అనలేదు. ఎందుకు అనలేదు? ఈ ప్రశ్న పట్టుకుని పేపర్ లోపలికి వెళ్లండి.

చాలా సైన్స్, సోషల్ సైన్స్ పేపర్లలో ఇంట్రడక్షన్, మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్ అనే నాలుగు భాగాలుంటాయి. ఇంట్రడక్షన్ ఇప్పటికి వదిలేసి మెథడ్స్‌కి వెళ్లండి. అక్కడ 120 మంది విద్యార్థులకు ఒక్కసారే ప్రశ్నపత్రం ఇచ్చారని, ఎన్ని గంటలు ఫోన్ చూశారో, ఎంతసేపు నిద్రపోయారో వాళ్లనే అడిగారని ఉంది. ఆ ‘మే’ ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడ తెలిసిపోతుంది. ఫోన్ చూడటం వల్ల నిద్ర పట్టలేదా, నిద్ర పట్టక ఫోన్ తీశారా? ఒక్కసారి అడిగితే తేలదు. గంటలు కూడా గుర్తు తెచ్చుకుని చెప్పినవే. అందుకే రిజల్ట్స్‌లో ‘కాజ్’ అని కాకుండా ‘అసోసియేటెడ్ విత్’ అని, అంటే రెండూ కలిసి కనిపించాయని మాత్రమే రాస్తారు. డిస్కషన్ చివర్లో లిమిటేషన్స్ అనే పేరా చూడండి, దాదాపు ఇవే మాటలు రచయితే ఒప్పుకుంటాడు. ఇలా ప్రతి ‘మే’నూ మెథడ్స్‌లో ఏదో ఒక లోటుతో ముడిపెట్టి చదివితే పేపర్ సగం అర్థమైనట్టే.

ఇది పిరికితనమని అనుకోకండి. 1953లో డీఎన్‌ఏ నిర్మాణం ప్రకటించిన వాట్సన్, క్రిక్ కూడా తమ నేచర్ పేపర్ చివర్లో, డీఎన్‌ఏలో తాము ప్రతిపాదించిన బేస్‌ల జంటలు జన్యుపదార్థం కాపీ అయ్యే ఒక ‘పాసిబుల్’ పద్ధతిని ‘సజెస్ట్’ చేస్తున్నాయనే రాశారు. నిర్మాణాన్ని ప్రతిపాదించారు గానీ, కాపీ అవడాన్ని ఇంకా పరీక్షించి చూపలేదు. ఎంతవరకు ఆధారం ఉందో మాట అంతవరకే వెళ్లింది.

ఈ మాటల బలంలో తేడాలుంటాయి. ‘షో’, ‘డిమాన్‌స్ట్రేట్’ గట్టివి. ‘ఇండికేట్’ కొంచెం తక్కువ, ‘సజెస్ట్’ ఇంకా తక్కువ. ‘మే’, ‘మైట్’ దగ్గరికి వస్తే అది రచయిత ఊహకు దగ్గరగా ఉన్నట్టు. కొలత పెట్టినట్టు అందరూ ఇలాగే వాడరు, సబ్జెక్టును బట్టి కాస్త మారుతుంది. ‘నో సిగ్నిఫికెంట్ డిఫరెన్స్’తో మాత్రం జాగ్రత్త. తేడా లేదని దాని అర్థం కాదు. ఉందని చెప్పడానికి ఈ డేటా చాలలేదని. మనుషుల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు నిజంగా ఉన్న తేడా కూడా బయటపడకపోవచ్చు.

అనుమానించాల్సింది జాగ్రత్త మాటలు ఉన్నచోట కాదు, అవి మాయమైన చోట. డిస్కషన్‌లో ‘మే’ ఉండి అబ్‌స్ట్రాక్ట్‌లో లేకపోతే డిస్కషన్‌నే నమ్మండి. ఇది అరుదేమీ కాదు. ప్రధాన ఫలితంలో గణాంకపరంగా తేడా తేలని 72 క్లినికల్ ట్రయల్ పేపర్లను పరిశీలించి 2010లో జామా పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. వాటిలో సగానికి పైగా అబ్‌స్ట్రాక్ట్ ముగింపుల్లోనే ఫలితాన్ని ఉన్నదానికన్నా మెరుగ్గా చూపించే ధోరణి కనిపించింది. తీరిక లేక అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే చదివి సైట్ చేసేవాళ్లకు ఇది తెలిసే అవకాశమే లేదు.

మీరు రాసేటప్పుడూ ఇదే లెక్క. మనవాళ్ల అసైన్‌మెంట్లలో ‘ప్రూవ్డ్’ అనే మాట తెగ కనిపిస్తుంది, గైడ్లు దాని కింద గీత గీస్తూనే ఉంటారు. పైన చెప్పుకున్న పేపర్‌ని సైట్ చేస్తే ఫోన్ నిద్రను పాడుచేస్తుందని రుజువైందని రాయకండి. ఒక్కసారి జరిపిన సర్వేలో ఫోన్ ఎక్కువ వాడినవాళ్లు తక్కువ నిద్రపోయినట్టు చెప్పారని రాయండి. వాక్యం కాస్త పొడుగవుతుంది, కానీ వైవాలో ఎవరైనా నిలదీస్తే దాన్ని సమర్థించుకోగలరు.