వేరే ఆఫర్ ఉన్న క్యాండిడేట్‌ని గడువు ఎలా అడగాలి?

“మేం తీసుకోవాలనుకుంటున్న అమ్మాయికి ఇంకో కంపెనీ ఆఫర్ వచ్చింది. ఎప్పటికి తేలుస్తారో అడగాలి, కానీ తొందరపెట్టినట్టు ఉండకూడదు. మెసేజ్ ఎలా రాయాలి?”

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక ఫార్మా ప్లాంటుకి మనుషుల్ని తీసుకునే పని నాది. “మీ నిర్ణయం ఎప్పుడు చెబుతారు?” అని మాత్రం అడగకండి. మన లెటర్ చేతికి అందకుండా ఆ అమ్మాయి ఏమని చెబుతుంది? అవతలివాళ్లకి ఏ తేదీలోగా జవాబివ్వాలో అడగండి. అది ఆమెకి తెలిసిన విషయమే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతుంది.

అడిగే ముందు మీ తేదీలు తేల్చుకోండి. ఇంకా ఏ రౌండ్ మిగిలింది, జీతం అప్రూవల్ ఎవరి సంతకం దగ్గర ఆగుతుంది, దాన్ని ఎంత ముందుకు జరపగలరు అన్నవి తెలియకుండా గడువు అడిగితే టెన్షన్ తప్ప ఆమెకి ఒరిగేదేమీ లేదు.

విజయనగరంలో ఉండే ఒక క్యూసీ ఎనలిస్ట్‌కి హైదరాబాద్ ఆఫర్ ఉన్నప్పుడు నేను ఇలా రాశాను:

“నమస్తే అండి. వేరే ఆఫర్ ఉందని ముందే చెప్పినందుకు థాంక్స్. మా వైపు క్యూసీ హెడ్ గారితో ఒక రౌండ్, ఆ తర్వాత జీతం అప్రూవల్ మిగిలాయి. మామూలుగా అయితే వచ్చే గురువారానికి లెటర్ ఇస్తాం. అక్కడ మీరు ఏ తేదీలోగా జవాబు చెప్పాలి? అంతకన్నా ముందే కావాలంటే త్వరగా చేయడానికి చూస్తాం, కుదరకపోతే ఆ మాటే చెబుతాను. కంపెనీ పేరు, జీతం చెప్పక్కర్లేదు. షిఫ్ట్ అయ్యాక వీలు చూసుకుని రాయండి.”

ఇందులో ప్రశ్న ఒక్కటే. మన తేదీ ముందు చెప్పాం కాబట్టి ఆరా తీస్తున్నట్టు ఉండదు. “ఇంకా చాలామంది లైన్‌లో ఉన్నారు” లాంటి మాట ఎక్కడా పెట్టలేదు. అది నిజమే అయినా చదివేవాళ్లకి బెదిరింపులాగే వినిపిస్తుంది. మీకు నిజంగానే ఆఖరు తేదీ ఉంటే, కారణంతో సహా ఆ తేదీ చెప్పండి.

సోమవారంలోగా చెప్పాలని ఆవిడ రాసింది. రౌండ్ శనివారానికి జరిపాం కానీ అప్రూవల్ మంగళవారానికి ముందు రాదని తేలింది. “మంగళవారం సాయంత్రానికి లెటర్ వస్తుంది. అక్కడ గడువు అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం. లెటర్ చేతికి వచ్చేదాకా ఆ ఆఫర్ వదులుకోకండి” అని చెప్పాను. ఆవిడ అడిగితే వాళ్లు బుధవారం దాకా ఇచ్చారు. చివరికి హైదరాబాదే ఎంచుకుంది. ఆ మాట బుధవారం పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది కాబట్టి, రెండో క్యాండిడేట్‌కి అదే రోజు లెటర్ పంపగలిగాం.

జవాబు రాకపోతే వెంటనే కంగారుపడకండి. చాలా ప్లాంట్లలో ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, షిఫ్ట్ దిగి బస్సెక్కేదాకా మెసేజ్ చూడరు. మర్నాడు సాయంత్రం దాకా ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. అప్పుడు కూడా “రౌండ్ శనివారానికి కుదిరింది” లాంటి కొత్త సంగతి చేతిలో ఉంటేనే రాయండి.