ఆటోపే ఆన్ చేసే ముందు ఖాతాలో 20 మిగలాలి

ప్రశ్న: మా బ్యాంకు యాప్‌లో కొత్తగా ఆటోపే వచ్చింది. ‘ఒక్కసారి ఆన్ చేయండి, ఇక బిల్లుల సంగతి మరచిపోండి. ఖాతాలో డబ్బు తగ్గినా మీ చెల్లింపు ఆగదు’ అని ప్రకటన ఇచ్చారు. ఇలాంటిది నేనెప్పుడూ వాడలేదు. నా జీతం 100 అనుకోండి, ఒకటో తేదీన పడుతుంది. 3న లోన్ వాయిదా 18, 5న అద్దె 28, 12న కరెంటు 4, 15న ఫోను, ఇంటర్నెట్ కలిపి 3, 20న క్రెడిట్ కార్డు 15, రోజువారీ ఖర్చు నెలకు 30. మూడు నెలలకోసారి 22న బీమా ప్రీమియం 9. వేరే పొదుపు ఏమీ లేదండి. అన్నీ ఒకేసారి ఆటోపేలో పెట్టేయమంటారా? కార్డుకు ‘కనీస మొత్తం’ ఎంచుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే అన్నీ పెట్టకండి. కార్డుకు కనీస మొత్తం అసలు వద్దు. మీలాగే ప్రకటన చూసిన రోజే అన్ని బిల్లులూ కలిపేసి, రెండు నెలల తర్వాత ఖాతా ఎందుకు ఖాళీ అవుతోందో తెలియక తల పట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

ఆ ప్రకటన మతిమరుపు గురించి మాట్లాడుతోంది. మీకున్న ఇబ్బంది మతిమరుపు కాదు. మీరు రాసిన అంకెలే కూడి చూడండి. ప్రీమియం లేని నెలలో ఖర్చు 98, మిగిలేది 2. కానీ ప్రీమియం 9 అంటే నెలకు 3 చొప్పున పక్కన పెట్టాల్సిన ఖర్చే. అది కలిపితే నెలకు 101. అంటే ప్రతి నెలా జీతం కన్నా 1 ఎక్కువ ఖర్చవుతోంది. ఇంతకాలం ఏదో ఒక బిల్లు నాలుగు రోజులు ఆపి, ప్రీమియం గడువు చివర్లో కట్టి సర్దుకొచ్చి ఉంటారు. ఆటోపేకు ఆ సర్దుబాటు తెలియదు. తేదీ వచ్చిందంటే తీసేసుకుంటుంది.

ప్రీమియం నెలను తేదీలవారీగా నడిపి చూద్దాం. 20న కార్డు బిల్లు కట్టాక ఖాతాలో 12 ఉంటుంది. 22 నాటికి ఇంకో రెండు రోజుల ఖర్చు పోయి 10. ఆ రోజు ప్రీమియం 9 పోతే మిగిలేది 1. నెలాఖరు దాకా ఇంకా ఎనిమిది రోజులున్నాయి, వాటికి 8 కావాలి. లోటు 7. సాధారణంగా ఆ 7 కార్డు మీదికి వెళ్తుంది, వచ్చే నెల కార్డు బిల్లు 15 కాకుండా 22 అవుతుంది. ఆ నెలలో మిగలాల్సింది 2 మాత్రమే కాబట్టి మళ్లీ 5 తక్కువ. తప్పు మీ జ్ఞాపకశక్తిలో లేనప్పుడు గుర్తుపెట్టుకునే యంత్రం తెచ్చుకుంటే ఏం లాభం?

ఇక ‘డబ్బు తగ్గినా చెల్లింపు ఆగదు’ అన్న మాట. దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. అది అప్పు. ఖాతాలో సొమ్ము చాలకపోతే తక్కువపడినంత బ్యాంకు మీ పేరున అప్పుగా రాసి బిల్లు కడుతుంది. దాని మీద రోజుల లెక్కన వడ్డీ పడుతుంది, చాలాచోట్ల వాడిన ప్రతిసారీ రుసుము కూడా ఉంటుంది. జీతం పడగానే ముందు ఆ అప్పే తీసుకుంటారు కాబట్టి కొత్త నెల లోటుతోనే మొదలవుతుంది. నెలకు 1 తక్కువపడే ఇంట్లో ఈ అప్పు ఎప్పటికీ తీరదు, పెరుగుతూ పోతుంది. మామూలు అప్పుకైతే మీరు అడగాలి, సంతకం పెట్టాలి, అప్పుడొకసారి ఆలోచిస్తారు. ఇక్కడ ఆ ఆలోచించే క్షణమే లేకుండా చేశారు. కరెంటు బిల్లు కట్టడానికి వడ్డీకి తేవడమేమిటండీ? ఆటోపే ఆన్ చేసేటప్పుడు దీనికి వేరే టిక్కు ఉంటుంది. అది ముందే పెట్టి ఉంటే తీసేయండి. తీయడానికి వీలు లేకపోతే ఆ యాప్‌లో ఆటోపే మొదలే పెట్టకండి.

కార్డుకు కనీస మొత్తం కూడా ఇదే దారి. మీ బిల్లు 15లో కనీస మొత్తం 5 శాతం అనుకుంటే ముప్పావు, అంటే 0.75 మాత్రమే కట్ అవుతుంది. 20న ఖాతాలో 12 ఉండాల్సిన చోట 26కు పైగా కనిపిస్తుంది. చూసినవాళ్లెవరికైనా ఈ నెల బాగుందనిపిస్తుంది, ఖర్చు పెడతారు. మిగిలిన 14.25 మీద వడ్డీ మొదలవుతుంది. అంతకన్నా నష్టమేమిటంటే, పాత బాకీ ఉన్నంతకాలం సాధారణంగా కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు. బిల్లు ‘చెల్లించబడింది’ అని సందేశం మాత్రం ఠంచనుగా వస్తూ ఉంటుంది. కార్డుకు ఆటోపే పెడితే ‘మొత్తం బకాయి’ మీదే పెట్టండి. అంత కట్టలేని నెల వస్తే అది మీకు కనిపించి నొప్పి పుట్టాలి.

మరి ఏం చేయాలంటే, ముందు ఖాతాలో అడుగున ఎప్పుడూ తాకని సొమ్ము ఉండాలి. మీ లెక్కలో అది 20. ఎలా వచ్చిందంటే, ఒకటిన పడాల్సిన జీతం సెలవుల వల్ల నాలుగుకో ఐదుకో పడిందనుకోండి. 3న వాయిదా 18 పోవాలి, అప్పటికి గడిచిన రెండు రోజుల ఇంటిఖర్చు ఇంకో 2. ఈ 20 లేకపోతే వాయిదా తిరిగిపోతుంది. తిరిగిపోయిందని మీ బ్యాంకు రుసుము వేస్తుంది, అప్పిచ్చిన సంస్థ ఇంకోటి వేస్తుంది. కొందరు రెండు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తారు, అప్పుడూ డబ్బు లేకపోతే మళ్లీ రుసుము. మీ అప్పుల చరిత్రలో మచ్చ పడితే అది వేరే.

20 ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. అద్దె, వాయిదా మీ చేతిలో లేవు. కార్డు ఉంది. 15 వాడకాన్ని 9కి తేగలిగితే, ప్రీమియం కోసం పెట్టే 3తో సహా నెలకు 95 అవుతుంది, 5 మిగులుతుంది. నాలుగు నెలల్లో 20. ఈ నెల తగ్గించిన వాడకం వచ్చే నెల బిల్లులో కనిపిస్తుంది కాబట్టి లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి. ప్రీమియం తాలూకు 3 మాత్రం జీతం పడిన రోజే వేరే ఖాతాకు మార్చేయండి. నెలాఖరులో మిగిలితే పెడదామంటే మిగలదు. ఇప్పుడు నడుస్తున్న మూడు నెలల్లో ఎన్ని గడిచిపోయాయో చూసుకోండి, మొదటిసారి పూర్తి 9 జమ కాకపోవచ్చు. ఆ తేడా ముందుగా కార్డు పొదుపులోంచే తీయండి.

ఈ 20 అత్యవసర నిధి కాదని మళ్లీ మళ్లీ చెబుతున్నాను. ఇది బిల్లుల ఖాతా తడబడకుండా ఉండటానికే. ఉద్యోగం పోతే, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే ఆదుకునే నిధి కనీసం మూడు నెలల ఖర్చంత ఉండాలి, ఆటోపేతో ఏ సంబంధమూ లేని వేరే ఖాతాలో ఉండాలి. ఒకే ఖాతాలో కలిపి పెడితే బిల్లులు దాన్నీ తినేస్తాయి. ఉద్యోగం పోయినా ఆటోపేకు మీరిచ్చిన అనుమతులు ఆగవు కదా, ఆ నెల కూడా 3న, 5న, 15న వరసగా కట్ అవుతూనే ఉంటాయి. 20 పూర్తవగానే నెలనెలా ఆ 5 అటు మళ్లించండి. వాయిదా తేదీని 3 నుంచి ఓ వారం తర్వాతకు జరపమని అప్పిచ్చినవాళ్లను అడగొచ్చు, కొందరు ఒప్పుకుంటారు. లోన్ ముందే తీర్చేయడం, ఇంకో చోట మదుపు చేయడం లాంటివి నిధి పూర్తయ్యాక మాట్లాడుకుందాం.

20 చేరాక బిల్లులు ఒక్కొక్కటిగా కలపండి. ముందు ప్రీమియం, ఎందుకంటే గడువు దాటితే పాలసీ రద్దయి, సరిగ్గా అవసరమైన రోజున రక్షణ ఉండదు. తర్వాత కార్డు మొత్తం బకాయి. లోన్ వాయిదా జోలికి వెళ్లే ముందు ఒకటి చూసుకోండి. లోన్ తీసుకున్న రోజే మీ ఖాతా నుంచి కట్ చేసుకునే అనుమతి చాలామంది రాసిచ్చి ఉంటారు. అది ఉండగా యాప్‌లో మళ్లీ పెడితే ఒకే నెలలో 18 రెండుసార్లు పోతుంది.

కరెంటు చివర్లో పెట్టండి, అది నెలనెలా మారుతుంది. అలాంటి బిల్లుకు యాప్ ‘గరిష్ఠ పరిమితి’ అడుగుతుంది. గత 12 నెలల్లో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన బిల్లు చూసి, దానికి పావు వంతు కలిపి రాయండి. మీకు మామూలుగా 4 కదా, ఎప్పుడో 6 వచ్చి ఉంటే 7.5 రాయాలి. మరీ తక్కువ రాస్తే, బిల్లు పరిమితి దాటిన నెలలో సాధారణంగా పరిమితి దాకా కూడా కట్టరు, మొత్తం చెల్లింపే ఆగిపోతుంది. మీరేమో కట్టేశారనుకుంటారు. పరిమితి మరీ పెద్దగా పెడితే మీటరు తప్పు చదివి పంపిన బిల్లు కూడా ప్రశ్న లేకుండా పోతుంది. డబ్బు తీసే ముందు యాప్ పంపే సందేశం అందుకే ఉంది. అది వచ్చినప్పుడు అంకె చూడండి, తేడాగా ఉంటే ఆ ఒక్క చెల్లింపు ఆపమనే వీలు ఉంటుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మొదటి నెలలోనే. మీరు ఆన్ చేసేనాటికి బిల్లు వచ్చేసి ఉంటే, చాలా యాప్‌లలో ఆటోపే దాన్ని పట్టించుకోదు, తర్వాతి బిల్లు నుంచే మొదలవుతుంది. ఆ మొదటి బిల్లు చేత్తో కట్టండి. ఆ తర్వాతి నెల నుంచి మాత్రం అలవాటుకొద్దీ చేత్తో కట్టకండి, రెండుసార్లు పోతుంది. ఎప్పుడైనా మానేయాలనుకుంటే యాప్ ఫోనులోంచి తీసేస్తే చాలదు, అనుమతి బ్యాంకు దగ్గర అలాగే ఉంటుంది. లోపలికి వెళ్లి ఆ బిల్లు అనుమతిని రద్దు చేయాలి, అదీ గడువుకు నాలుగైదు రోజుల ముందే. ఆఖరి రోజున చేస్తే అప్పటికే కోత వరసలో పడి ఉండొచ్చు.

ప్రీమియం ఆటోపేలో మొదటిసారి పోయిన రోజున బ్యాంకు సందేశంతో సరిపెట్టుకోకుండా, బీమా సంస్థ రసీదు వచ్చేదాకా చూడండి. రెండు మూడు రోజుల్లో రాకపోతే పాలసీ నంబరు తప్పు నమోదైందేమో అడగండి, గడువు మిగిలి ఉండగానే.