డాక్టర్లు అంచెలవారీగా వస్తారా?

సందేహం: మేం వెళ్లే క్లినిక్‌లో కొత్త నోటీసు అంటించారు. "రోగులకు, సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, 1వ తేదీ నుండి క్లినిక్ ఉదయం 8 గంటల నుండి రాత్రి 8 గంటల వరకు తెరవబడును. వైద్యులు అంచెలవారీ సమయములలో అందుబాటులో ఉందురు." అంచెలవారీ అనవచ్చా? దశలవారీ అనాలని మావారు, షిఫ్టులవారీ అంటే సరిపోతుంది కదా అని మా అమ్మాయి. అలాగే పనివేళలా, పని సమయాలా? ఏది ఒప్పు?
— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు అడగని మాట ఒకటి ముందు చెప్పేస్తాను. లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా "తెరవబడు" తలుపు ఎక్కడుంది? తెరవడం క్షణం పని. పన్నెండు గంటలపాటు తెరుచుకుంటూనే ఉండాలంటే ఆ తలుపుకు పెద్ద సమస్యే ఉండాలి. "తెరిచి ఉంటుంది" అంటే అయిపోయేది. "అందుబాటులో ఉందురు" కూడా అలాంటిదే. అందుబాటులో ఉండేది అటక మీది డబ్బా. డాక్టరుగారు ఉంటారు, చూస్తారు. ఇక ఆ "ఏమనగా" జోలికి వెళ్లను. నోటీసు రాసేవాళ్లు ఎవరైనా సరే, కలం పట్టగానే వాళ్ల తాతగారి గుమాస్తా ఒంట్లోకి వచ్చేస్తాడు.

ఇప్పుడు అంచెకు వద్దాం. నాకు చాలా ఇష్టమైన మాట. దీన్ని వాడుకలోంచి పోనివ్వకుండా ఎవరు రాసినా ముందు సంతోషిస్తాను, తర్వాత తప్పు పడతాను.

రైళ్లు రాకముందు ఉత్తరాల సంచి ఒకే మనిషి భుజాన ఊరినుంచి ఊరికి వెళ్లేది కాదు. దారి పొడవునా కొంత దూరానికి ఒక మజిలీ ఉండేది. మొదటివాడు పరుగెత్తుకొచ్చి, అక్కడ సిద్ధంగా నిలబడ్డ రెండోవాడి చేతికి సంచి ఇచ్చేవాడు. రెండోవాడు తన వంతు దూరం పరుగెత్తి మూడోవాడికి ఇచ్చేవాడు. పల్లకీ మోసే బోయీలకూ, గుర్రాలకూ ఇదే ఏర్పాటు. అలా మనిషి మారే ఆ చోటు, ఆ మార్పిడి పద్ధతి అంచె. కన్నడంలో ఇప్పటికీ అంచె అంటే తపాలానే. మైసూరు రాజ్యానికి 17వ శతాబ్దం చివరి నుంచే తన సొంత అంచె ఉండేది. 1889లో అది బ్రిటిష్ వారి తపాలాలో కలిసిపోయింది. తిరువాన్కూరు, కొచ్చిన్ రాజ్యాల్లో దాని పేరు అంచల్. అక్కడ సంచి మోసేవాడు గంటలు కట్టిన కర్ర పట్టుకుని పరుగెత్తేవాడు, ఆ చప్పుడు వినగానే జనం దారి ఇచ్చేవారు. ఆ అంచల్ 1951 దాకా నడిచింది. తమిళులు ఇప్పటికీ తపాలాను అంజల్ అంటారు. పక్కింటివాళ్లంతా ఉత్తరాన్ని ఆ మాటలోనే దాచుకుంటే, మనం ఉత్తరాన్ని తపాలాకు అప్పగించి, అంచెలో ఒక్క పరుగునే మిగుల్చుకున్నాం. "అంచెలంచెలుగా ఎదిగాడు" అన్నప్పుడు మనకు తెలియకుండానే ఆ పరుగు వినిపిస్తుంది. మనిషి ఒక్కడే, మజిలీలు మారుతున్నాయి.

అంతటితో ఆగితే బాగుండేది. పరిపాలనవాళ్లు ఈ మాటను పట్టుకుని నిలువుగా నిలబెట్టారు. "మూడంచెల పంచాయతీ వ్యవస్థ" అన్నారు, పత్రికలు "మూడంచెల భద్రత" అన్నాయి. దారి మీద అడ్డంగా పరుచుకున్న అంచెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఇప్పటి పాఠకుడికి అంచె అంటే మజిలీ కాదు, అంతస్తు. మీ నోటీసు చదివినవారిలో కొందరు తప్పకుండా ఇలా అనుకుని ఉంటారు: ముందు చిన్న డాక్టరు చూస్తాడు, ఆయనకు అంతుపట్టకపోతే పెద్ద డాక్టరు దగ్గరకు పంపుతారు. రాసినవారి ఉద్దేశం అది కాదు కదా!

పోనీ పాత అర్థమే తీసుకుందాం. అప్పుడైనా అతుకుతుందా అంటే, అక్కడా ఒక చిక్కు. మీ ఉత్తరంలో డాక్టర్ల గంటలు లేవు కాబట్టి నేనే ఊహించుకుంటాను. ముగ్గురు డాక్టర్లు అనుకోండి. మొదటివారు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా. రెండోవారు 11 నుంచి సాయంత్రం 4 దాకా. మూడోవారు 3 నుంచి రాత్రి 8 దాకా. ఇందులో 11 నుంచి 1 వరకు ఇద్దరు, 3 నుంచి 4 వరకు మళ్లీ ఇద్దరు ఉన్నారు. ఇటువంటి ఏర్పాటులోని కిటుకే అది, ఒకరు లేవకముందే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. రద్దీ ఎక్కువ ఉన్న గంటల్లో రెండు కుర్చీలూ నిండుతాయి, మధ్యలో ఏ పూటా ఖాళీ పడదు. అంచెలో ఇది జరగదు. సంచి ఒక్కటే, ఒక క్షణంలో ఒక్కడి భుజాన్నే ఉంటుంది. పైగా డాక్టరుగారు 1 గంటకు వెళ్లిపోతూ సగం చూసిన పేషెంటును సంచిలా రెండోవారి చేతికి ఇవ్వరు (ఇస్తారేమో, అలాంటి అనుభవం ఉన్నవారు నాకు రాయకండి).

మిగతా మాటలకు ఇంత చోటు అక్కర్లేదు. దశలవారీ అంటే కొత్త వేళలే ఒక్కొక్కటిగా అమల్లోకి వస్తాయని అర్థమవుతుంది, పైగా క్లినిక్ గోడ మీద "దశ" చదవగానే జాతకం గుర్తొస్తుంది. విడత ఒకే పనిని ముక్కలు చేసినప్పటి మాట. దఫా అరబ్బీ నుంచి వచ్చింది, అప్పు వాయిదాల దగ్గర బాగుంటుంది. వంతు ఒకరి తర్వాత ఒకరు, ఇద్దరు కలిసి ఉండే ఆ మూడు గంటలు అందులో ఇమడవు. షిఫ్టుకూ అదే లోపం ఉన్నా మీ అమ్మాయి మాటను మరీ కొట్టిపారేయను, జనానికి అర్థమవుతుంది. నన్నడిగితే "డాక్టర్లు వేర్వేరు వేళల్లో వస్తారు" అని రాసి, కింద ఎవరెప్పుడో వేస్తాను. ఇంగ్లీషులో స్టాగర్డ్ అని ఒక్క మాట ఉంది కదా అని మనకూ ఒక్క మాటే ఉండి తీరాలన్న పట్టుదల దేనికి?

ఇక వేళ, సమయం. రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. అమరకోశం వేలా శబ్దానికి మూడు అర్థాలు చెప్పింది: సముద్రజలంలో వచ్చే మార్పు, కాలం, మర్యాద. ఈ మర్యాద పెద్దలకు చేసేది కాదు, హద్దు. సముద్రం దాటని గట్టు వేల, దాన్నే మన పెద్దలు చెలియలికట్ట అన్నారు. తెలుగులోకి వచ్చేసరికి లకారం ళకారమై వేళ అయింది, ఈ వేళ అంటూ అంటూ ఇవాళ దాకా వచ్చాం. సమయం మూలంలో కలిసి రావడం, ఒప్పందం. కవిసమయం అన్నప్పుడు ఆ పాత అర్థమే మిగిలింది. తలుపు ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని హద్దు చెప్పే చోట నాకు పనివేళలే బాగుంటుంది. పని సమయాలు తప్పు అనను, వాడుక ఎప్పుడో ఒప్పేసుకుంది. టైమింగ్స్ అని బోర్డు రాసినా జనం తిట్టుకోరు, నేనే లోపల గొణుక్కుంటాను.

అయితే వేళ హద్దు అన్నప్పుడు ఎవరి హద్దు అని అడగాలి కదా. మీ నోటీసులోని అసలు తప్పు మాటలో లేదు, ఇక్కడుంది. ఒకసారి నా కన్ను ఎర్రబడి నీరు కారుతుంటే, బోర్డు మీద "ఉదయం 9 నుండి" అని చూసి తొమ్మిదికే వెళ్లాను. తలుపు తీసే ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఒకాయన తడిబట్టతో కౌంటరు అద్దం తుడుస్తున్నాడు. డాక్టరుగారు పదకొండుకు వస్తారన్నాడు. బోర్డు అబద్ధం చెప్పలేదు, అది తలుపు గురించి చెప్పింది. నేనేమో కంటి గురించి చదువుకున్నాను.

"8 వరకు" అన్నా అంతే. డాక్టరుకు అది లేచి వెళ్లే గంట. పేషెంటుకు ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా వచ్చినా చూస్తారన్న ధీమా. కౌంటరులో అమ్మాయికి ఎప్పుడు వెళ్తానో తెలియని టెన్షన్. వరకు అన్న మాట గీత దాకా తీసుకెళ్లి వదిలేస్తుంది, గీత మీద నిలబడ్డవాడి సంగతి చెప్పదు. అందుకే పేషెంట్లకు చెప్పేటప్పుడు "లోపు" వాడమంటాను: "రాత్రి 7.30 లోపు పేరు రాయించుకున్నవారిని ఆ రోజే చూస్తారు." మొదటి డాక్టరు దగ్గర ఈ గీత 12.30 అవుతుంది. దాటి వచ్చినవారికి రెండోవారు ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు, కానీ మొదటివారే కావాలని మందుచీటీ పట్టుకుని వచ్చినవారికి ఉంది. వారికోసమైనా గంటలు డాక్టరు పేరు పక్కనే ఉండాలి.

సిబ్బందికి వేరే కాగితం వేయాలి. వాళ్లు ఎనిమిదికి వస్తే ఎనిమిదికి తలుపు ఎలా తెరుస్తారు? 7.30కి హాజరు అని గోడ మీద రాస్తే పేషెంట్లు 7.30కే వచ్చి తలుపు కొడతారు. గోడ మీది కాగితం ఇలా ఉంటే నాకు చాలు:

> 1వ తేదీ నుంచి మా కొత్త పనివేళలు: ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు.
> డాక్టర్లు వేర్వేరు వేళల్లో ఉంటారు.
> మొదటి డాక్టరు: ఉదయం 8 – మధ్యాహ్నం 1 (12.30 లోపు పేరు రాయించుకోండి)
> రెండో డాక్టరు: ఉదయం 11 – సాయంత్రం 4 (3.30 లోపు)
> మూడో డాక్టరు: మధ్యాహ్నం 3 – రాత్రి 8 (7.30 లోపు)

మొదటి, రెండో, మూడో అన్న చోట డాక్టర్ల పేర్లు వేసుకోవాలి. "రోగులకు" అని నేను పైన పెట్టలేదు, చూశారా? పసిపిల్లకు టీకా వేయించడానికి వచ్చిన తల్లి ఆ మాట చదివి నొచ్చుకోవడం ఎందుకు?

అంచెను మాత్రం పూర్తిగా వదులుకోబుద్ధి కావడం లేదు. ఆ సిబ్బంది కాగితంలో పెట్టుకోవచ్చు. పొద్దుటి నర్సు మధ్యాహ్నం నర్సుకు రిజిస్టరూ, తాళాలూ అప్పగించి, ఎవరికి ఏ ఇంజెక్షన్ ఇంకా ఇవ్వాలో చెప్పి వెళ్తుంది చూడండి, అక్కడ సంచి నిజంగానే చేతులు మారుతోంది. వాళ్లు దాన్ని అంచె అనరు, డ్యూటీ అంటారు. అది నాకూ తెలుసు.