అదే ధరకు 180 గ్రాములు పెడితే కేసవుతుందా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఇంట్లోనే జంతికలు చేసి కిరాణా షాపులకు వేస్తున్నాం. 200 గ్రాముల ప్యాకెట్ రూ.60. నూనె, శనగపిండి రేట్లు మండిపోతున్నాయి. ధర పెంచుతామంటే షాపువాళ్లు ఒప్పుకోవట్లేదు. అదే అరవైకి 180 గ్రాములు పెట్టొచ్చా? పాత కవర్లు బోలెడున్నాయి, స్టిక్కర్ వేసి వాడుకోవచ్చా? కస్టమర్లు కేసు పెడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: బరువు తగ్గించడం నేరం కాదు. జంతికలకు ప్రభుత్వం ధర కట్టలేదు, ప్యాకెట్ ఇంత బరువే ఉండాలన్న నిబంధనా లేదు. మీకు చిక్కు వచ్చేదల్లా ఆ పాత కవర్లతోనే.

2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం, కవరు మీద ఉండాల్సిన వివరాలను విడిగా స్టిక్కర్ వేసి మార్చకూడదు. ఎమ్మార్పీ తగ్గించినప్పుడు మాత్రం స్టిక్కర్ వేయొచ్చు, అదీ పాత ధర కనబడేలా. కాబట్టి 200 మీద 180 అని అంటించారంటే తూనికలు, కొలతల శాఖవాళ్లకు మీరే కేసు అందించినట్టు. స్టిక్కర్ కూడా లేకుండా 180 నింపితే అది తక్కువ తూకం. 'కొంచెం తేడా ఉన్నా వదిలేస్తారటగా' అని నన్ను చాలామంది అడుగుతుంటారు. 200 గ్రాముల ప్యాకెట్‌కు 9 గ్రాముల వరకు తేడాను రూల్స్ ఒప్పుకుంటాయి, నిజమే. అది తూకంలో అనుకోకుండా వచ్చే హెచ్చుతగ్గుల కోసం. తనిఖీకి తీసిన ప్యాకెట్ల సగటు మాత్రం 200కు తగ్గకూడదు.

ఇప్పుడు మీ కవరొకటి తీసి చూడండి. బరువు కవరుతోపాటే అచ్చయి, ఎమ్మార్పీ, తేదీ, గ్రాము ధర ప్యాకింగ్ రోజున ముద్ర వేస్తున్నారా? అలాగైతే ధర పెంచడమే మీకు చౌక. కొత్త బ్యాచ్‌కు రూ.65 అని ముద్ర వేస్తే చాలు, పాత కవర్లు వృథా కావు. బరువు తగ్గించాలంటే కవర్లన్నీ కొత్తగా అచ్చు వేయించాలి.

పైగా తగ్గించిన బరువు దాగదు. కిలో లోపు ప్యాకెట్ మీద గ్రాము ధర కూడా వేయాలి. అరవైకి 200 గ్రాములంటే గ్రాము 30 పైసలు, 180 అయితే 33 పైసలు. అరవై ఐదుకు 200 గ్రాములు ఇచ్చినా దాదాపు అంతే పడుతుంది. అంటే మీకు మిగిలేదీ పెద్ద తేడా లేదు. కొనేవాళ్ల కోపంలో మాత్రం తేడా ఉంటుంది. ఐదు రూపాయలు పెరిగితే షాపులోనే సణుగుతారు. ఇంటికెళ్లాక బరువు తగ్గిందని గమనిస్తే మోసపోయామనుకుంటారు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసేదీ అలాంటివాళ్లే.

అయినా 180కే వెళ్తానంటే, కొత్త కవరు మీద బరువు స్పష్టంగా అచ్చు వేయించి, కవరు సైజూ తగ్గించండి. అసలు బరువు కవరు మీద సరిగ్గా ఉంటే, తగ్గించారన్న ఒక్క కారణంతో వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలవడం కష్టం. అదే 'ఎక్కువ పరిమాణం' లాంటి పాత మాట కవరు మీద మిగిలిపోతే, తప్పుదోవ పట్టించే ప్రకటన అని పట్టుకుంటారు.

ధర పెంచితే షాపువాళ్లకు ఒక్కటి గట్టిగా చెప్పండి: అరవై ముద్ర ఉన్న పాత సరుకును అరవై ఐదుకు అమ్మకూడదు, ముద్ర చెరపకూడదు. మీ బిల్లుల్లో బ్యాచ్ నంబర్, ఎమ్మార్పీ రాసి పెట్టుకోండి. ఎవరైనా ఎక్కువ తీసుకుంటే అది మీ పని కాదని చూపించుకోవచ్చు.