లెక్కల పేపర్‌లో ఖాళీగా వదిలేసిన పేజీలు

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరులో సీబీఎస్ఈ స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఆరో తరగతి నుంచి లెక్కల్లో ఫెయిల్ అవుతూనే ఉన్నాడు. రెండు ట్యూషన్లు మార్చాం. ఇప్పుడు పుస్తకం ముందు పెడితే పెన్ను కూడా పట్టుకోడు, "నాకు రాదులే అమ్మా" అంటాడు. మ్యాథ్స్ లేని కోర్సులు ఏమున్నాయో ఇప్పటినుంచే చూసుకోవాలా? – ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, కోర్సుల సంగతి చివర్లో చెప్తాను. ముందు నా దగ్గరకు వచ్చిన ఒక పిల్లాడి గురించి చెప్పాలి. ఇంట్లో వాణ్ణి బుజ్జి అనేవారు, నేనూ అలాగే అంటాను.

వాళ్లది అనంతపురం. నాన్నకి ఇక్కడ ఉద్యోగం రావడంతో కె.ఆర్.పురం వైపు ఇల్లు తీసుకున్నారు. బుజ్జి ఆరో తరగతి మధ్యలో, ఆగస్టులో కొత్త స్కూల్లో చేరాడు. అప్పటికే క్లాసులో భిన్నాలు సగం అయిపోయాయి. దానికి తోడు కన్నడ కొత్త, స్నేహితులు కొత్త. మొదటి పరీక్షలో 40కి 17 వచ్చాయి. ఆ తర్వాత 13, ఆ తర్వాత 9. ఏడో తరగతి చివరికి 6. నా దగ్గరకు తీసుకొచ్చేసరికి ఎనిమిదిలో ఉన్నాడు, తాజాగా వచ్చినవి 3 మార్కులు.

నేను మార్కులు పక్కన పెట్టి ఆ ఆరు, ఏడు తరగతుల జవాబు పత్రాలన్నీ తెప్పించుకున్నాను. వాటిని తేదీ ప్రకారం వరసగా పేర్చి చూస్తే విషయం తెలిసిపోయింది. మొదటి పత్రంలో తప్పులున్నాయి, కొట్టివేతలున్నాయి, మార్జిన్ నిండా చిత్తు లెక్కలున్నాయి. పిల్లాడు కుస్తీ పట్టాడు. మూడో పత్రానికి కొట్టివేతలు తగ్గాయి. చివరి పత్రంలో తప్పులు దాదాపు లేవు, ఎందుకంటే రాసిందే దాదాపు లేదు. అందులో 48ని 6తో భాగించే లెక్క కూడా ఉంది. ఆరో ఎక్కం వాడికి గడగడా వచ్చు, అయినా ఆ లెక్క ముట్టుకోలేదు.

రానివి వదిలేయడం వేరు, వచ్చినవి కూడా వదిలేయడం వేరు. రెండోది కనిపిస్తే నేను జాగ్రత్త పడతాను.

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మయర్ అనే ఇద్దరు కుక్కల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. కొన్ని కుక్కలకు కరెంట్ షాక్ ఇచ్చారు. అవి ఏం చేసినా అది ఆగదు. తర్వాత వాటిని చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో పెట్టారు. ఆ గోడ దూకితే చాలు, షాక్ తప్పించుకోవచ్చు. షాక్ అనుభవం లేని కుక్కలు దూకేశాయి. ముందు ఆ బాధపడ్డ కుక్కల్లో చాలావరకు దూకే ప్రయత్నమే చేయలేదు. దీనికే లెర్న్‌డ్ హెల్ప్‌లెస్‌నెస్ అని పేరు పెట్టారు. తెలుగులో అలవాటైన నిస్సహాయత అనుకోవచ్చు. ఆ కథలో రెండో భాగం తల్లిదండ్రులకు ఎక్కువ పనికొస్తుంది. అవతలి పక్క నుంచి పిలిచినా ఆ కుక్కలు కదల్లేదు. చివరికి మెడకు తాడు కట్టి గోడ అవతలికి లాగాల్సి వచ్చింది, అదీ ఒకసారి రెండుసార్లు కాదు, చాలాసార్లు. "దాటితే షాక్ ఆగుతుంది" అని వాటి కాళ్లకి అర్థమయ్యాకే అవి సొంతంగా దాటడం మొదలుపెట్టాయి.

"నువ్వు చేయగలవు నాన్నా" అనే మాట ఇక్కడ ఎందుకు పనిచేయదో దీన్నిబట్టి అర్థమవుతుంది. పిల్లాడి దృష్టిలో వాడు చేసే పనికీ వచ్చే ఫలితానికీ మధ్య తీగ తెగిపోయింది. చదివినా ఆరు మార్కులే, చదవకపోయినా ఆరు మార్కులే. అలాంటప్పుడు చదవకపోవడమే వాడికి తెలివైన పనిగా కనిపిస్తుంది. దాన్ని బద్ధకం అనడం అన్యాయం.

బుజ్జి విషయంలో ఆ తీగ ఎక్కడ తెగిందో వెతికాం. ఒక లెక్క ఇచ్చాను: 3(x − 2) = 12. చాలాసేపు చూసి 3x − 2 = 12 అని రాశాడు. బ్రాకెట్ బయట ఉన్న 3తో లోపలి రెండింటినీ గుణించాలన్నది వాడికి పట్టుబడలేదు. తర్వాత 3x = 14 వచ్చింది. అక్కడ ఆగిపోయాడు. 14ని 3 భాగించదు, భిన్నం వస్తుంది, భిన్నం అంటే వాడికి భయం. రబ్బరు తీసి రెండు వరుసలూ చెరిపేసి "రాదు సార్" అన్నాడు. నిజానికి వాడు చేసింది ఒకే ఒక్క తప్పు. ఆ ఒక్క తప్పు మొదటి వరుసలో ఉందని తెలియక, మొత్తం తన తలే తప్పు అనుకున్నాడు.

ఇంట్లో ఏం జరిగేదో కూడా అడిగాను. రాత్రి తొమ్మిదిన్నరకి నాన్న ఆఫీసు కాల్స్ అయ్యాక కూర్చోబెట్టేవారు. రెండు నిమిషాల్లో పిల్లాడు చేయకపోతే పెన్సిల్ లాక్కొని తనే చేసి చూపించేవారు. ట్యూషన్‌లో సారు బోర్డు మీద చేస్తే వీళ్లు దించుకునేవారు. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. కానీ రోజూ రెండుసార్లు, లెక్క తేలేది వేరేవాళ్ల చేతుల్లోనే అని బుజ్జి నేర్చుకున్నాడు.

మేం చేసింది చెప్తాను. మొదట ఒక ట్యూషన్ మాన్పించాం. రాత్రి క్లాసు కూడా ఆపి, సాయంత్రం టిఫిన్ అయ్యాక పావుగంట మాత్రం పెట్టాం. రోజుకి ఐదు లెక్కలు, నాలుగో తరగతి స్థాయి నుంచి. వాటిలో మూడు వాడికి ఖాయంగా వచ్చేవి, ఒకటి కాస్త కొత్తది, ఒకటి తప్పు పోయే అవకాశం ఉన్నది. ఆ చివరిది నేను కావాలనే పెట్టించాను. 1975లో కెరొల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి పిల్లలతోనే పనిచేశారు. కొందరికి ఎప్పుడూ గెలిచే లెక్కలే ఇచ్చారు, మరికొందరికి మధ్యమధ్యలో ఓటమి ఇచ్చి, శ్రమ సరిపోలేదని, ఇంకాస్త ప్రయత్నించాలని చెప్పారు. గెలుపులే చూసిన పిల్లలు మళ్లీ ఓటమి ఎదురవగానే చతికిలబడ్డారు. రెండోవాళ్లు నిలబడ్డారు. అందుకే తేలిక లెక్కలతో మార్కులు చూపించి మురిపించడం సరిపోదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి కలుపుతాను. "ఇంకా కష్టపడాలి" అన్న మాట, నిజంగానే కష్టపడి ఓడిన పిల్లాడికి దెబ్బలా తగులుతుంది. అందుకని "ఏ వరుసలో తేడా వచ్చింది?" అని మాత్రమే అడగమన్నాను. రబ్బరు తీసేయించాను. తప్పు ఉంటే గీత కొట్టి, కిందే మళ్లీ రాయాలి. నాన్నకి ఒకే షరతు, పెన్సిల్ ముట్టుకోకూడదు. కావాలంటే మొదటి వరుస నోటితో చెప్పొచ్చు, రాసేది బుజ్జే. కుక్కకి తాడు కట్టి దాటించినట్టే ఇదీ. పిలిస్తే రాని వాణ్ణి మొదటి అడుగు మనమే వేయించాలి, కానీ ఆ అడుగు వాడి కాలితోనే పడాలి.

అన్నిటికంటే బాగా పనిచేసింది సరిచూసుకోవడం. జవాబు వచ్చాక దాన్ని మళ్లీ లెక్కలో పెట్టి చూడమన్నాను. x = 6 అయితే 6లోంచి 2 పోతే 4, మూడు నాలుగులు 12. సరిపోయింది. ఇందులో సారు టిక్కు అక్కర్లేదు, నాన్న ముఖం చూడక్కర్లేదు. రెండేళ్లుగా తీర్పు ఎప్పుడూ బయటినుంచే వచ్చిన పిల్లాడికి, తన తీర్పు తనే చెప్పుకునే వీలు దొరికింది. భిన్నాల భయం తగ్గేదాకా పూర్ణాంకాలు వచ్చే లెక్కలే ఇచ్చాం. భిన్నాలను వేరుగా, చపాతీ ముక్కలతో మొదలుపెట్టి నెలన్నర చేయించాం.

స్కూల్లో లెక్కల టీచర్‌ని కలిశాం. ఆవిడ రెండు సాయాలు చేశారు. కొంతకాలం వాణ్ణి బోర్డు దగ్గరకు పిలవలేదు. పరీక్షలో ప్రతి లెక్కకీ కనీసం మొదటి వరుస రాస్తే దానికి స్టెప్ మార్కు వేస్తానని వాడితో నేరుగా చెప్పారు.

అంతా సాఫీగా సాగలేదు. ఆరో వారంలో హాఫ్ ఇయర్లీ వచ్చింది, 80కి 14. నాన్న ఆ రాత్రి కేకలేశారు. బుజ్జి నోట్‌బుక్ చింపేసి మళ్లీ "నాకు రాదు" దగ్గరకు వెళ్లిపోయాడు. పది రోజులు పుస్తకం తెరవలేదు. కేకలేసిన మర్నాడే నాన్న ఆ పత్రం నా దగ్గరకు తెచ్చారు. చూస్తే అందులో ఖాళీ పేజీ ఒక్కటీ లేదు. పదకొండు లెక్కల్లో మొదటి వరుస సరిగ్గా ఉంది. ఆయన ఇంటికి వెళ్లి ఆ పదకొండు వరుసల కిందా పెన్సిల్‌తో గీతలు గీసి వాడికి చూపించారు. తప్పయింది నాన్నా అని కూడా అన్నారట. ఆ మాట ఆయన నాకు చెప్పినప్పుడు గొంతు పూడుకుపోయింది.

ఏడాది చివరి పరీక్షలో 80కి 35 వచ్చాయి. మీకు అది చిన్న సంఖ్యగా కనిపించవచ్చు. నాకు మాత్రం అంతకు ముందే ఒక శనివారం తెలిసిపోయింది. లెక్క తప్పు పోతే వాడు చెరపకుండా, కాగితం నా వైపు తిప్పకుండా, "ఆగండి సార్, రెండో వరుసలో మైనస్ మర్చిపోయా" అన్నాడు.

మీ వాడి విషయంలో ఒకటి ముందు తేల్చుకోండి. ఒకటి రెండు తరగతుల నుంచే అంకెల్లో ఏది పెద్దదో తడబడడం, గడియారం చూడడం, చిల్లర లెక్కపెట్టడం ఇప్పటికీ కష్టంగా ఉండడం కనిపిస్తే, అది డిస్కాల్క్యులియా అనే, అంకెలు పట్టుబడనివ్వని అభ్యాస లోపం కావచ్చు. అప్పుడు పరీక్ష చేయించాలి. బెంగళూరులో నిమ్హాన్స్‌లో ఆ సదుపాయం ఉంది, అలా నిర్ధారణ అయిన పిల్లలకు సీబీఎస్ఈ బోర్డు పరీక్షలో అదనపు సమయం ఇస్తుంది. ఐదో తరగతి దాకా బాగానే చేసి తర్వాత జారిపోయి ఉంటే మాత్రం నేను ముందుగా నిస్సహాయత వైపే చూస్తాను. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి.

ఇక కోర్సులు. ఎనిమిదో తరగతిలో ఆ నిర్ణయం తీసుకోకండి. మన పీయూసీలో హిస్టరీ, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, అకౌంటెన్సీ ఉండే హెచ్‌ఈబీఏ లాంటి మ్యాథ్స్ లేని గ్రూపులు ఉన్నాయి. ఆ అవకాశం ఎక్కడికీ పోదు. కానీ అక్కడా శాతాలు, నిష్పత్తులు వదలవు. లాయర్ అవుదామని క్లాట్ రాసినా పదో తరగతి స్థాయి లెక్కలు కొన్ని వస్తాయి. "నాకు చరిత్ర ఇష్టం" అని వాడే చెప్తే సంతోషంగా పంపండి. "లెక్కలు రావు కాబట్టి" అని చెప్తే కొంతకాలం ఆగండి.

ఈ ఆదివారం వాడి పాత జవాబు పత్రాలు తీసి తేదీల వరసన పేర్చండి. వాణ్ణి పిలవకండి, మీరొక్కరే చూడండి. ఏ పరీక్ష నుంచి ఖాళీ పేజీలు మొదలయ్యాయో, ఆ నెలల్లో ఇంట్లో, స్కూల్లో ఏం మారిందో రాసి నాకు పంపండి. అక్కడినుంచి మాట్లాడుకుందాం.