రాత్రి డ్యూటీల ముందు నాకు నేను రాసుకున్న ఉత్తరం

"నర్సుగా ఈమధ్యే చేరాను. రాత్రి డ్యూటీలు మొదలయ్యాయి. తెల్లవారుజామున ఆకలి ఆగడం లేదు, ఇంటికి వచ్చాక నిద్ర పట్టడం లేదు. ఎప్పుడు తినాలి, ఎప్పుడు పడుకోవాలి?"

కర్నూలులో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నానమ్మా. మాకు రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు డ్యూటీ. నైట్ల వంతు వచ్చిన ప్రతిసారీ, బీరువా తలుపు లోపల అంటించి ఉన్న ఈ ఉత్తరం చదువుకునే బయలుదేరతాను. తెల్లవారుజామున తల సరిగ్గా పని చేయదు కాబట్టి, నిద్ర నిండుగా ఉన్న ఒక రోజున కూర్చుని రాసుకున్నాను. వేళలు నీ డ్యూటీకి తగ్గట్టు మార్చుకో.

*

నీకు,

సాయంత్రం ఏడు గంటలకే కడుపునిండా తిను. జొన్నరొట్టె, పప్పు, కూర, పెరుగన్నం, ఏదైనా సరే, అదే ఈ రాత్రికి అసలు భోజనం. వార్డుకు క్యారియర్ తీసుకెళ్లి రెండు గంటలకు అన్నం తినే అలవాటు వద్దు. నువ్వు మేలుకున్నంత మాత్రాన నీ ఒళ్లు దాన్ని పగలు అనుకోదు. రాత్రివేళ చక్కెరను సర్దుకునే శక్తి దానికి తక్కువ. అదే అన్నం పగలు తింటే పెరిగే దానికంటే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. 2021లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో కొందరిని నైట్ షిఫ్టులో ఉన్నట్టే మేలుకొని ఉంచారు. రాత్రి కూడా తిన్నవాళ్లలో చక్కెర పెరిగింది, భోజనాలన్నీ పగలే ముగించినవాళ్లలో పెరగలేదు. ప్రయోగం చిన్నదే, కానీ నీ ఇంట్లో అమ్మకు షుగర్ ఉంది, గుర్తుంచుకో.

పన్నెండున్నరకు ఆకలైతే గుప్పెడు వేయించిన శనగలో, ఒక ఉడికించిన గుడ్డో, గ్లాసు మజ్జిగో చాలు. ఆ తర్వాత డ్యూటీ దిగేదాకా, ఒక్క టీ తప్ప, మంచినీళ్లే.

ఒంటిగంటన్నరకు ఫోను వణుకుతుంది. తెర మీద "చివరి టీ" అని ఉంటుంది. తాగాలనుకుంటే అప్పుడే తాగు. టీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. నాలుగున్నరకు తాగిన టీ, నువ్వు తొమ్మిదిన్నరకు పక్క మీద వాలేసరికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. కళ్లు మండుతుంటాయి, నిద్ర మాత్రం రాదు.

మూడు నుంచి ఐదు వరకు గడ్డుకాలం. ఒంటి వేడి బాగా తగ్గే వేళ అది. చలిగా అనిపిస్తుంది, ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. చాలాసార్లు అది ఆకలి కాదు, నిద్రే. స్వెటర్ వేసుకో, ముఖం కడుక్కో, వార్డంతా ఒకసారి తిరిగి రా. ఆ వేళ ఇన్సులిన్, హెపారిన్ లాంటివి ఇవ్వాల్సి వస్తే మోతాదును తోటి సిస్టర్‌కు కూడా చూపించిన తర్వాతే ఇవ్వు. ఎవరైనా వార్డు చూసుకుంటామంటే ఇరవై నిమిషాలు కళ్లు మూసుకో, అలారం పెట్టుకుని. గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాల్సి వస్తుంది, ఆ మగతలో సిరంజి పట్టుకోకూడదు.

ఉదయం స్కూటీ వద్దు, ఆటోలో రా. ఎండ కళ్ల మీద పడితే మెదడు తెల్లవారిందని లెక్క వేసుకుంటుంది, అందుకే ఆటో ఎక్కగానే నల్ల కళ్లద్దాలు పెట్టుకో. బళ్లారి చౌరస్తా దగ్గర ఉగ్గాని వాసన వస్తుంది. ఉగ్గాని ఒక చిన్న ప్లేటు తిను, ఖాళీ కడుపుతో పడుకున్నా మధ్యలో మెలకువ వస్తుంది. మిరపకాయ బజ్జీలు మాత్రం సెలవు రోజుకు ఉంచుకో, నూనె, కారం తిని వెంటనే పడుకుంటే గుండెల్లో మంట ఖాయం.

తొమ్మిదిన్నరకల్లా పడుకో. ముదురు రంగు దుప్పటిని కిటికీకి వెలుతురు చొరకుండా కట్టు, కూలర్ వేసుకో, మే నెలలో అది లేకుండా ఈ ఊళ్లో పగటి నిద్ర కుదరదు. ఫోను వంటింట్లో పెట్టు. అత్తయ్యకు ముందే చెప్పు: "రెండున్నర దాకా నన్ను లేపొద్దండీ, గ్యాస్ బండి వచ్చినా మీరే చూసుకోండి." లేచాక భోజనం చెయ్యి. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకు మళ్లీ పడుకో. పగటి నిద్ర ఒకే విడతలో నిండదు, ఈ రెండో విడతే తెల్లవారుజామున నిన్ను నిలబెడుతుంది.

చివరి నైట్ ముగిసిన రోజున మాత్రం రెండున్నర దాకా పడుకోకు. పన్నెండున్నరకే లేచి వెలుతురులోకి వెళ్లు. ఆ రాత్రి పదింటికి నిద్ర దానంతటదే వస్తుంది.

నీ
నేను

*

షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఈ వేళలను ఉన్నవి ఉన్నట్టు పాటించకూడదు. రాత్రంతా తినకపోతే చక్కెర పడిపోవచ్చు. డ్యూటీ చార్టు డాక్టరుకు చూపించి, మందు వేళలు, తిండి వేళలు రెండూ కలిపి రాయించుకోవాలి. గర్భిణులు కూడా అంతే. సెలవు రోజుల్లో సైతం నిద్ర పట్టకపోతే అది డ్యూటీ వేళలతో సరిపోయే విషయం కాదు, దానికి విడిగా చూపించుకోవాలి.